సీసా మీది శాతం, సీసాలోని మోళ్ళు

గాఢ హైడ్రోక్లోరికామ్లపు సీసా మీద సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి: 37 శాతం, 1.18. మొదటిదానిని అందరూ చదువుతారు. రెండవది, అనగా సాంద్రత, చాలామంది కంటికి ఆనదు. మోలారిటీ లెక్క తప్పడానికి మూలం ఈ నిర్లక్ష్యమే కాని, గణితంలోని కష్టం కాదు.

37 శాతమంటే నూరు గ్రాముల ద్రావణంలో 37 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్నదని అర్థం. నూరు మిల్లీలీటర్లలో అని కాదు. విద్యార్థి ఈ భేదాన్ని మరచి, లీటరులో 370 గ్రాములున్నాయనుకొని, దానిని అణుభారమైన 36.46 చేత భాగించి 10.15 మోళ్ళని వ్రాస్తాడు. నిజానికి లీటరు ఆమ్లం 1180 గ్రాములు తూగుతుంది. అందులో నూటికి 37 వంతులు 436.6 గ్రాములు. దానిని 36.46 చేత భాగిస్తే 11.97, రమారమి 12 మోళ్ళు.

లీటరుకు ఒక మోల్ గల ద్రావణం కావాలంటే ఈ ఆమ్లం 83.5 మిల్లీలీటర్లు చాలు. దానిని నీటిలో పోసి, చల్లారిన తరువాత లీటరు గుర్తు వరకు నింపాలి. తప్పు లెక్క వేసినవాడు 98.5 మిల్లీలీటర్లు పోస్తాడు, తయారయ్యేది 1.18 మోళ్ళ ద్రావణం. విడిచిపెట్టిన సాంద్రతే తప్పుగా తిరిగి వచ్చిందన్నమాట! 28 శాతం అమోనియా ద్రావణం సాంద్రత 0.90 గనుక అక్కడ తప్పు ఎదురు దిశలో పోతుంది. తయారైన ద్రావణం పలచబడుతుంది.

పాఠశాలలో వాడేవి చాలావరకు పలుచని ద్రావణాలు. అవి లీటరుకు ఇంచుమించు కిలో తూగుతాయి గనుక రెండు పద్ధతులూ ఒకే జవాబునిస్తాయి. అందుచేత ఈ దురలవాటు గాఢామ్లపు సీసా చేతికి వచ్చేవరకు బయటపడదు. శాతాన్ని సాంద్రతతోను, పదితోను గుణించి అణుభారంతో భాగించమనే సూత్రం అబద్ధం కాదు. కాని ఆ పది ఎక్కడిదో ఎరుగని విద్యార్థికి అది మంత్రమే. ముందుగా ఒక లీటరును తూకం వేసినట్లు ఊహించమని చెప్పడమే మేలు. "గాఢామ్లమంటే 12" అని కంఠస్థం చేయించడం మరింత హాని. 35 శాతం ఆమ్లంలో ఉండేవి దాదాపు 11.3 మోళ్ళే.

అయితే లెక్క సరియైనదైనా 11.97 అనే అంకెను పూర్తిగా నమ్మరాదు. తయారీదారులు 36.5 నుంచి 38 శాతం వరకు అని హద్దులు మాత్రమే చెబుతుంటారు. పైగా మూత తీసిన ప్రతిసారీ కొంత వాయువు పొగలై పోతుంది. ఖచ్చితమైన పనికి టైట్రేషన్ తప్పదు. ఆరబెట్టిన సోడియం కార్బొనేటు 1.06 గ్రాములు నీటిలో కరిగించి, మిథైల్ ఆరెంజ్ సూచికగా వాడితే, ఒక మోల్ ఆమ్లం బ్యూరెట్ నుండి 20 మిల్లీలీటర్లు దిగాలి. 17 మిల్లీలీటర్లకే రంగు మారితే, లెక్క వేసినవాడు సాంద్రతను మరచి ఉంటాడని అనుమానించవచ్చు.