ఆ అదనపు నాలుగు వేలు ఎవరివి?

దుబాయ్, షార్జాల్లో పనిచేసే మనవాళ్లకు జీతాలు పడే వారంలో ఇలాంటి కబురు అందుతుంటుంది: ఎక్స్ఛేంజ్‌లో దిర్హమ్‌కు 23 రూపాయలిస్తే ఫలానా ఏజెంటు 24.50 ఇస్తాడు, ఫీజు కూడా లేదు. ఈ రేటు ఎలా సాధ్యమో లెక్క వేసి చూడాలి. లెక్క కష్టమైనదేమీ కాదు.

1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హమ్‌లని యూఏఈ ఖాయం చేసింది. దీన్ని స్థిర మారకం అనవచ్చు. రూపాయి పెరిగినా తగ్గినా డాలరుకూ దిర్హమ్‌కూ మధ్య ఉన్న ఈ నిష్పత్తి మారదు. కాబట్టి ఆ రోజు డాలరు ధరను 3.6725తో భాగిస్తే దిర్హమ్ అసలు ధర వస్తుంది. డాలరు 85 రూపాయలనుకుంటే అది 23.14. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధర ఇదే. ఎక్స్ఛేంజ్‌లు దీనికి కొన్ని పైసలు తక్కువ ఇస్తాయి. ఆ తేడా, ఫీజు కలిపితే వాటి ఆదాయం.

ఇప్పుడు 3,000 దిర్హమ్‌లు పంపే మనిషిని తీసుకుందాం. అసలు ధరకు వాటి విలువ సుమారు 69,435 రూపాయలు. ఏజెంటు ఇస్తానన్నది 73,500. తేడా 4,065 రూపాయలు, అంటే దాదాపు 5.9 శాతం. నిజాయితీగా పంపే ఏజెంటుకైతే ప్రతి లావాదేవీలో ఇంత నష్టం వస్తుంది. అయినా అతని వ్యాపారం నడుస్తోందంటే ఆ 4,065 ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు.

మొదటి దారి, వెనక వచ్చినవాళ్ల డబ్బు. "పది రోజులు ఆగితే ఈ రేటు" అన్నప్పుడు ఏజెంటు చేతిలో ఎప్పుడూ ఒక విడత సొమ్ము ఉంటుంది. పాత విడతకు కొత్త విడతలోంచి చెల్లిస్తాడు. ప్రతిసారీ 5.9 శాతం తగ్గుతుంది. అతను తనకంటూ పైసా తీసుకోకపోయినా, ఖాతాదారులు పెరగకుండా అంతే ఉంటే, 17 విడతలు సక్రమంగా చెల్లించగలడు. 18వ విడతకు డబ్బు చాలదు. పది రోజులకొక విడత చొప్పున ఆరు నెలలైనా పట్టదు. కొత్తవాళ్లు చేరుతుంటే గడువు పెరుగుతుంది, చివర మునిగేవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. "మూడుసార్లు పంపాను, సరిగ్గానే వచ్చింది" అనే మాట ఇక్కడ రుజువు కాదు. మొదటి 17 విడతల్లో ఎవరైనా అదే చెబుతారు.

రెండో దారిలో డబ్బు నిజంగానే ఇంటికి చేరుతుంది. సైబర్ మోసగాళ్ల దగ్గర మన దేశంలో కొట్టేసిన రూపాయలుంటాయి. వాటిని జాడ లేకుండా విదేశీ నగదుగా మార్చుకోవడానికి వాళ్లు నష్టానికైనా సిద్ధపడతారు. ఏజెంటు మీ దిర్హమ్‌లను అక్కడ వాళ్ల మనుషులకిస్తాడు. కొట్టేసిన రూపాయలు ఇక్కడ మీ ఇంటి ఖాతాలో పడతాయి. సరిహద్దు దాటి ఒక్క రూపాయి కూడా కదలదు. ఆ 4,065 రూపాయలు వాళ్లు వదులుకున్న వాటాలోంచి వస్తాయి.

దీన్ని పాస్‌బుక్‌లో గుర్తించవచ్చు. ఎక్స్ఛేంజ్ ద్వారా పంపితే మామూలుగా మొత్తం ఒకేసారి జమవుతుంది, పంపినవారి రసీదులో రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఈ దారిలో 73,500 మూడు నాలుగు ముక్కలుగా, ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో, ఇంట్లో ఎవరికీ తెలియని పేర్లతో పడుతుంది. రసీదు స్థానంలో ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది.

ఆ సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న మనిషి 1930కి ఫోన్ చేయగానే ఆ సొమ్ము ఏయే ఖాతాల గుండా వెళ్లిందో బ్యాంకులు వెతుకుతాయి. మీ ఇంటి ఖాతా ఆ వరుసలో ఉంటే సొమ్మును నిలిపేస్తాయి, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నీ ఫ్రీజ్ చేస్తాయి. అప్పుడు పింఛనూ పంట డబ్బూ కూడా అందులోనే ఆగిపోతాయి. ఆ జమ మీ కష్టార్జితమని చూపడానికి రసీదు ఉండదు. పైగా విదేశాల్లో ఉన్నవారి తరఫున, అనుమతి లేని మనిషి ద్వారా డబ్బు అందుకోవడం 1999 నాటి ఫెమా చట్టం సెక్షన్ 3 ప్రకారం తప్పు. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. 73,500కి అది 2,20,500 రూపాయలు.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని లైసెన్సున్న యాప్‌లు కొత్త ఖాతాదారుకు మొదటిసారి, పరిమిత మొత్తానికి, కాస్త ఎక్కువ రేటిస్తాయి. ఆ నష్టాన్ని ప్రచార ఖర్చుగా అవే భరిస్తాయి. నెలనెలా, ఎంత మొత్తానికైనా ఎక్కువ ఇస్తాననేవాడికి అలాంటి వివరణ లేదు.

అందుచేత డబ్బు చేతిలో పెట్టేముందు ఫోన్‌లో ఆ రోజు డాలరు ధర చూసి 3.6725తో భాగించండి. సౌదీ రియాల్ అయితే 3.75తో, ఖతార్ రియాల్ అయితే 3.64తో. కువైట్ దినార్ ఒక్క డాలరుతోనే ముడిపడి లేదు కాబట్టి దానికి ఆనాటి మార్కెట్ రేటే చూడాలి. ఏజెంటు చెప్పింది ఆ ధరను మించితే పంపకండి. ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి: తెలియని పేర్లతో ముక్కలుగా డబ్బు పడితే ఖర్చు పెట్టకుండా, వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.