పాత కాగితం ఎక్కడికి పోయింది?

మార్కాపురం అనగానే మన అమ్మానాన్నలకు గుర్తొచ్చేది బడి పలక. ఇప్పుడు అదే పలకరాయి నేలకు, గోడలకు, పైకప్పులకు వేసే టైల్స్‌గా మారి విదేశాలకూ వెళ్తోంది. అలా కొనేవాళ్లలో కొందరు యూనిట్‌కి ఐఎస్‌ఓ 9001 ఉందా అని అడుగుతారు. ఉంటే ఎవరో ఒకరు క్వాలిటీ పత్రాలు రాయాలి, వాటిని నడపాలి. మార్కాపురం, గిద్దలూరు కాలేజీల నుంచి డిగ్రీ, డిప్లొమా చేతబట్టుకుని క్వాలిటీ ఉద్యోగాలకు వెళ్లే మీకు ఆ పని తగలొచ్చు. అందులో తేలిగ్గా కనిపించి ఎక్కువగా తడబడేలా చేసేది డాక్యుమెంట్ కంట్రోల్ నిబంధన.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ నిబంధన బాగుందో లేదో తేలేది కొత్త కాగితం ఎంత అందంగా తయారైందన్న దాని మీద కాదు, పాత కాగితం ఎక్కడికి పోయిందన్న దాని మీద.

మనలో చాలామంది మొదట రాసే వాక్యం ఇలా ఉంటుంది: ‘అన్ని డాక్యుమెంట్లను ఎప్పటికప్పుడు సమీక్షించి, తగిన విధంగా నియంత్రిస్తాం.’ చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరు సమీక్షిస్తారు? ఎప్పుడు? చేశారని ఎలా తెలుస్తుంది? ఆడిటర్ ‘చూపించండి’ అంటే చూపడానికి ఏమీ ఉండదు. నిబంధనలో మీరు రాసే ప్రతి క్రియాపదం ఎవరో ఒకరి నెత్తిన పడే పని. ఆ మనిషెవరో రాయలేకపోతే ఆ క్రియాపదం కొట్టేయండి.

అసలు ప్రమాణం ఏం అడుగుతోంది? ఐఎస్‌ఓ 9001 లో 2015 ఎడిషన్ నుంచి క్వాలిటీ మాన్యువల్ అనే పుస్తకం తప్పనిసరి కాదు. డాక్యుమెంట్ల సంగతి 7.5 క్లాజులో ఉంటుంది. పత్రానికి గుర్తింపు ఉండాలి, అది సరిపోతుందని ఎవరో చూసి ఆమోదించాలి, కావాల్సిన చోట అందుబాటులో ఉండాలి, మార్పులు అదుపులో ఉండాలి, ఎంతకాలం దాచాలో తేల్చుకోవాలి. రివిజన్ నంబరు ఏ రూపంలో ఉండాలో, సంతకం పెన్నుతోనే పెట్టాలో, ఎన్నేళ్లు దాచాలో అది చెప్పదు. అవన్నీ మీరే రాసుకోవాలి. ఆడిటర్ మీ రాతతోనే మిమ్మల్ని కొలుస్తాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊహించిన యూనిటే, కానీ పని మాత్రం అసలుదే. పలకరాయిని పొరల వెంట చీలుస్తారు కాబట్టి మందం అంతటా ఒకేలా రాదు. అందుకే కొన్ని ఆర్డర్లకు టైల్ వెనక వైపు మెషీన్ మీద అరగదీసి మందం సమానం చేస్తారు. తర్వాత కొలిచి, రంగు చూసి వేరు చేస్తారు. ఈ పని ఎలా చేయాలో చెప్పే రెండు పేజీల సూచన పత్రం నంబరు WI-07 అనుకోండి. అందులో 10 మిల్లీమీటర్ల టైల్‌కి 8 నుంచి 12 వరకు సరే అని ఉంది. కొత్త కస్టమర్ 9 నుంచి 11 లోపే కావాలన్నాడు. రివిజన్ 3 పోయి రివిజన్ 4 వచ్చింది.

ఆఫీసు కంప్యూటర్లో ఫైలు మారింది. మెషీన్ దగ్గర గోడకి కొత్త కాగితం అంటించారు. అయినా రాత్రి షిఫ్టులో 8.5 మిల్లీమీటర్ల టైల్స్ పాసైపోయి పెట్టెల్లోకి వెళ్లాయి. ఎందుకంటే సార్టింగ్ బల్ల సొరుగులో రివిజన్ 3 కాపీ ఒకటి ఉండిపోయింది. దాని ఫోటో సూపర్‌వైజర్ ఫోన్‌లోనూ ఉంది. కొత్త కాగితంలో తప్పేం లేదు. పాత కాగితాన్ని వెనక్కి తెచ్చే బాధ్యత ఎవరిదో నిబంధన చెప్పలేదు, అంతే.

ఇప్పుడు ఆ నిబంధనను నాలుగు ముక్కల్లో రాద్దాం.

‘ఒకటి: ప్రతి పత్రానికి ఒక నంబరు, ఒక రివిజన్ సంఖ్య ఉంటాయి. అవి ప్రతి పేజీ మీద కనిపిస్తాయి. అచ్చుతప్పు దిద్ది మళ్లీ జారీ చేసినా రివిజన్ సంఖ్య ఒకటి పెరుగుతుంది.

రెండు: పత్రాన్ని ప్రొడక్షన్ సూపర్‌వైజర్ రాస్తారు. క్వాలిటీ ఇంజినీర్ కస్టమర్ ఇచ్చిన కొలతలతో పోల్చి సరిచూస్తారు. ప్లాంట్ మేనేజర్ ఆమోదిస్తారు. ఆమోద సంతకం అమలు తేదీ దాటాక ఉండకూడదు.

మూడు: కొత్త ప్రతి తీసుకెళ్లిన వ్యక్తే పాత ప్రతిని వెనక్కి తెచ్చి మాస్టర్ లిస్టులో సంతకం చేస్తారు. ఒక పాత ప్రతి మీద రద్దు ముద్ర వేసి దాస్తారు. మిగిలినవి అదే రోజు చించేస్తారు.

నాలుగు: నింపిన చెక్‌షీట్లను ఆర్డరు పంపిన తేదీ నుంచి 5 ఏళ్లు దాస్తారు. ప్రతి షీటు మీద ఏ రివిజన్ ప్రకారం తనిఖీ చేశారో రాస్తారు.’

ఇంతే. ఒక్కో ముక్క ఎందుకు అలా రాశామో చూద్దాం.

రివిజన్ సంఖ్య విషయంలో 1.0, 1.1, 1.1.2 అంటూ సాఫ్ట్‌వేర్ తరహా నంబర్లు పెట్టాలనిపిస్తుంది. ముప్ఫై నలభై పత్రాలున్న యూనిట్‌కి అది బరువు. ఏది పెద్ద మార్పు, ఏది చిన్న మార్పు అని ప్రతిసారీ వాదన మొదలవుతుంది. 1, 2, 3, 4 చాలు. డ్రాఫ్టులకు ఎ, బి, సి అక్షరాలు పెట్టుకోండి, అవి గోడ మీదికి రావు. ఒక్క నియమం మాత్రం వదలొద్దు: ఒకే నంబరుతో రెండు రకాల కాగితాలు బయట తిరగకూడదు. మీ ప్రాజెక్టు రిపోర్టు ఫోల్డర్ తెరిస్తే `report_final.docx`, `report_final_new.docx` పక్కపక్కనే ఉంటాయి కదా. రెంటిలో ఏది చివరిదో మీకే తెలియదు. ఫ్యాక్టరీలో ఆ అనుమానం ఖరీదు ఒక కంటైనర్. పేజీ పైభాగం ఇలా ఉంటే సరిపోతుంది:

```
WI-07   Rev 04   Page 1/2
Approved:  2025-03-07
Effective: 2025-03-10
```

ఆమోదించిన తేదీ, అమల్లోకి వచ్చే తేదీ వేర్వేరుగా ఉన్నాయి చూడండి. మధ్యలో ఉన్న మూడు రోజులు కాపీలు పంచడానికి, పాతవి వెనక్కి తేవడానికి, షిఫ్టు వాళ్లకు చెప్పడానికి. ఆడిటర్లు ఈ రెండు తేదీలూ తప్పకుండా చూస్తారు. అమలు 10వ తేదీన, సంతకం 12న ఉంటే ఆ రెండు రోజులూ ఎవరి అనుమతితో పని జరిగింది అని అడుగుతారు. సమాధానం ఉండదు.

సంతకాల దగ్గర ఇంకో మాట. మూడు గడులు పెట్టి మూడింట్లోనూ ఒకే మనిషి సంతకం చేయడం చిన్న యూనిట్లలో మామూలే. దాన్ని ప్రమాణం నిషేధించదు. కానీ అలాంటప్పుడు రెండే గడులు పెట్టుకోవడం నిజాయతీ. ఒక్కో సంతకం ఏ మాటకు పూచీ పడుతోందో తెలియాలి: రాసినవాళ్లు ‘పని ఇలాగే జరుగుతుంది’ అంటున్నారు, సరిచూసినవాళ్లు ‘కస్టమర్ అడిగింది ఇదే’ అంటున్నారు, ఆమోదించినవాళ్లు ‘ఇక పాతది ఆపండి’ అంటున్నారు. సంతకం ఫోటో తీసి వర్డ్ ఫైల్‌లో అంటిస్తే అది డిజిటల్ సంతకం అయిపోదు. ఆ బొమ్మను ఫైలు చేతికొచ్చిన ఎవరైనా కాపీ చేసి ఇంకో పత్రం మీద వేయొచ్చు.

ఇక భాష. కస్టమర్ కొలతలు ఇంగ్లీషులో వస్తాయి, సార్టింగ్ బల్ల దగ్గర కూర్చున్న అక్కలు తెలుగులో చదువుతారు. అందుకని ఎవరో ఒకరు తెలుగు కాగితం రాసి పెడతారు. నంబరు లేని ఆ కాగితమే అందరూ వాడేది! ఇంగ్లీషు ప్రతి రివిజన్ 4 కి వెళ్తుంది, తెలుగుది 3 దగ్గరే ఆగిపోతుంది. తెలుగు ప్రతికీ అదే నంబరు, అదే రివిజన్ ఇవ్వాలని, రెండూ ఒకే రోజు మారాలని నిబంధనలో చేర్చండి. రంగు తేడాలు మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి అక్కడ ఒప్పుకున్న శాంపిల్ పలకే పనికొస్తుంది. డాక్యుమెంట్ అంటే కాగితమే కానక్కర్లేదు, మాస్టర్ శాంపిల్ కూడా డాక్యుమెంటే అని ఐఎస్‌ఓ 9000 నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ఆ పలక వెనకా నంబరు, తేదీ, సంతకం ఉన్న చీటీ ఉండాలి.

దాచడం గురించి. సూచన పత్రం వేరు, నింపిన చెక్‌షీటు వేరు. మొదటిది ఏం చేయాలో చెబుతుంది, కాబట్టి మారుతుంది. రెండోది ఏం జరిగిందో చెబుతుంది, కాబట్టి మార్చకూడదు. ఎనిమిది నెలల తర్వాత కస్టమర్ ‘ఈ పెట్టెలో టైల్స్ పలుచగా ఉన్నాయి’ అని రాస్తే, ఆ పెట్టె చెక్‌షీటు, ఆ రోజు అమల్లో ఉన్న రివిజన్ రెండూ దొరకాలి. రద్దు ముద్ర వేసిన ఒక్క పాత ప్రతిని దాచమన్నది అందుకే. 5 ఏళ్లన్నది నా ఉదాహరణలోని అంకె మాత్రమే. మీరు కాంట్రాక్టు చూడాలి, చట్టం చూడాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం కంపెనీలు లెక్కల పుస్తకాలు, వాటి వోచర్లు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. చెక్‌షీటుకు, ఇన్‌వాయిస్‌కు ఒకే గడువు రాసేస్తే తప్పు అక్కడే మొదలవుతుంది.

ఇదంతా నడుస్తోందో లేదో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చాలామంది మాస్టర్ లిస్టు పట్టుకుని ఫ్లోర్ మీదికి వెళ్తారు. లిస్టులో ఉన్న కాపీలన్నీ కనిపిస్తాయి, టిక్కులు పడతాయి. మీరు తిరగేసి చేయండి. ముందు మెషీన్ దగ్గరికి వెళ్లండి, గోడ మీద, సొరుగులో, ఫోన్‌లో ఉన్న ప్రతి కాగితం నంబరు రాసుకుని, తర్వాత లిస్టుతో పోల్చండి. లిస్టులో లేని కాపీ దొరికేది ఇలా వెతికితేనే. ఫోన్ ఫోటోలను నిషేధించామని రాయడం సులువు, ఆపడం కష్టం. దానికంటే అమల్లో ఉన్న రివిజన్ నంబర్లను షెడ్డు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి, ఫోటో చూసే ముందు నంబరు సరిపోల్చుకోమనడం నయం.

‘ఇరవై మంది పనిచేసే చోట ఇంత అవసరమా, నోటితో చెబితే పోలా?’ అని మీ యజమానే అడగొచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఎవరూ చదవని పత్రాన్ని అదుపులో పెట్టడం వృథా. అందుకే ముందు పత్రాలు తగ్గించండి, తర్వాత నిబంధన రాయండి. ఇంకో హద్దూ ఉంది: ఈ నిబంధన టైల్ నాణ్యతను పెంచదు. రివిజన్ 4 లో కొలతే తప్పు రాస్తే, ఆ తప్పు చక్కగా నంబరు వేయించుకుని, సంతకాలు పెట్టించుకుని అందరికీ చేరుతుంది. దాన్ని ఆపగలిగేది సరిచూసే మనిషి ఒక్కరే.

రేపు ఇంటర్వ్యూలో ‘డాక్యుమెంట్ కంట్రోల్ అంటే ఏమిటి?’ అని అడిగితే నిర్వచనం అప్పజెప్పకండి. ‘కొత్త రివిజన్ వచ్చిన రోజు పాత కాపీని ఎవరు తెస్తారో, తెచ్చినట్టు ఎక్కడ సంతకం చేస్తారో చెబుతాను’ అని మొదలుపెట్టండి. అడిగినాయన ఆ పని చేసినవాడైతే, ఆ తర్వాతి ప్రశ్న పుస్తకంలోంచి రాదు.