ఒక్క సంతకమే కదా అన్నారు

గత నెల పత్తికొండ వైపు నుంచి ఒక రైతు మా సంఘం ఆఫీసుకు వచ్చినాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కాగితాలు. సొంత పంట అప్పు కట్టేసి, బ్యాంకులో కుదువ పెట్టిన భార్య గొలుసు విడిపించుకుందామని పోతే ఇవ్వలేదట. "నీ అప్పు తీరింది సరే, నీవు షూరిటీ ఉన్న ట్రాక్టరు అప్పు సంగతేంది?" అన్నారట. ఆ ట్రాక్టరు ఈయనది కాదు, మిత్రునిది. ఈయన దాని మీద ఒక్కనాడు మడక కట్టింది లేదు, ఒక్క ట్రిప్పు కిరాయికి తోలింది లేదు.

ఇట్లాంటి కవర్లు కర్నూలు, కడప జిల్లాల్లో మేము చాలా చూసినాం. ప్రతి కవరు వెనకా ఒకే మాట ఉంటుంది: "మామా, ఊరికే ఒక్క సంతకం." అప్పు తీసుకునేవాడు ఆ మాట అంటే అర్థం చేసుకోవచ్చు, అది వాని అవసరం. బ్యాంకు బల్ల అవతల కూర్చున్నవాళ్ళూ, ట్రాక్టరు అమ్మే డీలరూ అదే మాట అంటే మాత్రం మేము ఒప్పుకోము. అది ఊరికే పెట్టే సంతకం కాదని వాళ్ళకు బాగా తెలుసు.

ఆ రైతు లెక్క చూడండి. 2015లో మిత్రుడు ట్రాక్టరుకు 5 లక్షలు అప్పు తీసుకున్నాడు. ఆరు నెలలకొక కంతు. ఈయన, ఇంకొక బంధువు, ఇద్దరు జామీను. మొదటి మూడేళ్ళలో వడ్డీతో పాటు అసలులో లక్ష కట్టినాడు. 2018లో ఖరీఫు వాన పోయింది, రబీ వాన కూడా పోయింది. శనగ విత్తనం వేసిన ఖర్చు రాలేదు, కిరాయికి పిలిచేవాడు లేడు. ఆ ఏడాది చివరన కంతు ఆగింది. మిత్రుడు మొదట సుగ్గికి గుంటూరు వైపు పోయినాడు, తర్వాత బెంగళూరులో బేల్దారి పనికి కుదిరినాడు. మిగిలిన అసలు 4 లక్షలకు నూటికి ఏడాదికి 12 లెక్కన సాదా వడ్డీ వేసినా ఏటా 48 వేలు. మూడేళ్ళకు 1 లక్షా 44 వేలు. 2021 చివరలో దావా వేసేనాటికి బాకీ 5 లక్షలా 44 వేలు. మిత్రుడు తీసుకున్న అప్పు కంటే, రూపాయి తీసుకోని ఈయన మీద పడింది ఎక్కువ!

"ముందు ట్రాక్టరు జప్తు చేసుకోండి, ముందు వాని భూమి అడగండి, మిగిలితే నా దగ్గరికి రండి" అని ఈయన వాదం. న్యాయంగానే కనిపిస్తుంది. చట్టం అట్లా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత. అసలు, వడ్డీ, ఖర్చులు అన్నీ అందులోకే వస్తాయి. కంతు తప్పిన మరునాడే బ్యాంకు ఇద్దరిలో ఎవరి వెంటైనా పడవచ్చు. ముందు అప్పు తీసుకున్నవాని ఆస్తి అంతా చూసిన తర్వాతే జామీనుదారు దగ్గరికి పోవాలని పాట్నాలో ఒక కోర్టు తీర్పు ఇస్తే, బ్యాంక్ ఆఫ్ బీహార్ సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచింది. 1969 లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పే ఇప్పటికీ నడుస్తున్నది. బ్యాంకును ఆగమంటే ఇక జామీను ఎందుకు అన్నది కోర్టు లెక్క. అందుకే బ్యాంకులు ఇద్దరు జామీనుదారుల్లో జీతమో, బోరు కింద తడి భూమో ఉన్నవాన్ని చూసి పట్టుకుంటాయి.

అయితే అదే 128వ సెక్షన్ చివరన ఒక చిన్న మాట ఉంది. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అని. అంటే మొత్తం బాధ్యత అనేది ఏమీ రాయనప్పటి మాట. "నా బాధ్యత 1 లక్షా 50 వేలకు మించదు" అని రాసుకుంటే అంతవరకే. ఇది మన రైతుకు ఏ బ్యాంకులోనైనా ఎవరైనా చెప్పినారా? మేమూ చెప్పలేదు. సంఘం మీటింగుల్లోనే "తోటి రైతుకు సంతకం పెట్టకపోతే ఎట్లప్పా" అని ఒత్తిడి చేసిన రోజులున్నాయి. ఆ తప్పు ఒప్పుకొనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బ్యాంకు వాళ్ళు అచ్చు ఫారం చూపించి "ఇందులో మార్చేదానికి లేదు" అంటారు. ఆ ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, కింద సంతకాల చోట పెన్సిలుతో గుర్తులుంటాయి. మనవాళ్ళు గుర్తు ఉన్నచోటల్లా పెట్టి వస్తారు. మొత్తం పరిమితి రాయని జామీనుకు సంతకం పెట్టము అని మనం చెప్పగలం. అట్లా చెబితే మిత్రునికి అప్పు రాకపోవచ్చు. అప్పుడు బ్యాంకు లెక్కలోనే ఆ అప్పు మిత్రుని ట్రాక్టరు మీద, భూమి మీద నిలబడదని, పక్కవాని భూమి మీద నిలబడుతుందని తేలుతుంది. అది ముందే తెలియడం మంచిదే కదా.

సీమలో ఇది కొత్త సంగతి కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి పోయిన తర్వాత మన్రో దొర ఇక్కడ రైతువారీ శిస్తు పెట్టినాడు. పేరుకు ఎవరి శిస్తు వారిదే. ఒకడు కట్టలేక పారిపోతే మాత్రం ఆ లోటును నూటికి పది దాకా ఊళ్ళో మిగిలిన రైతుల మీద వేసే నిబంధన ఉండింది. 1904లో సహకార చట్టం వచ్చినప్పుడు పల్లె పరపతి సంఘాల్లో సభ్యుల బాధ్యతకు పరిమితే లేదు, ఒకని బాకీకి అందరి ఆస్తీ బాధ్యతే. ఇప్పుడు కౌలు రైతులను ఉమ్మడి బాధ్యతా బృందాలుగా కూర్చి ఇచ్చే అప్పుల్లోనూ ఆ వాసన ఉంది. వాన పడక పోయిన పంట నష్టాన్ని పక్క రైతు భరించాలనేది ఈ గడ్డ మీద పాత అలవాటు. మన్రో దొర పదో వంతు దగ్గరైనా ఆగినాడు, బ్యాంకు ఫారానికి ఆ హద్దు కూడా లేదు.

ఇంకొక అన్యాయం ఉంది, అది కంటికి కనిపించదు. మామూలు అప్పు 90 రోజులు కంతు తప్పితే మొండి బాకీ అవుతుంది. పంట మీద ఆధారపడిన సేద్యం అప్పుకు రెండు పంట కాలాలు గడువు. రైతుకు అది మేలే, కాదనము. జామీనుదారుకు మాత్రం ఆ ఏడాదంతా ఏమీ తెలియదు. మిత్రుడు సిగ్గుతో చెప్పడు, బ్యాంకు చెప్పదు, వడ్డీ పెరుగుతూ ఉంటుంది. ఈయనకు మొదటి నోటీసు వచ్చేనాటికి మూడు కంతులు తప్పి ఉన్నాయి. మొదటి కంతు నాడే తెలిసి ఉంటే మిత్రుడు ట్రాక్టరు మంచిగా ఉన్నప్పుడే అమ్మి బాకీ తగ్గించుకునేవాడు. చింతచెట్టు కింద మూడేళ్ళు తుప్పు పట్టిన తర్వాత వేలం వేస్తే వచ్చింది 1 లక్షా 60 వేలు.

గడువు సంగతి కూడా తెలుసుకోవాలి. మామూలుగా బాకీ దావాకు మూడేళ్ళు. ఆ మూడేళ్ళు దగ్గర పడినప్పుడు బ్యాంకు మనిషి ఇంటికి వచ్చి "రికార్డుకు ఒక సంతకం" అంటే, అది ఊరి మర్యాద కాదు. బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. చదివించుకోకుండా పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే పెట్టొద్దు.

గొలుసు విషయంలో మేము చేసింది ఇది. జామీను పత్రం నకలు ఇవ్వమని, ఏ షరతు కింద బంగారం ఆపినారో రాతపూర్వకంగా చెప్పమని అర్జీ పెట్టించి రసీదు తీసుకున్నాం. చాలా ఫారాల్లో జామీనుదారు సొత్తు ఏది బ్యాంకు దగ్గర ఉన్నా పట్టి ఉంచే షరతు ఉంటుంది. ఉంటే వాదన కష్టమే. లేకపోతే గట్టిగా అడగాలి. వాణిజ్య బ్యాంకు, గ్రామీణ బ్యాంకు అయితే 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. డిక్రీ అయితే భూమి జప్తుకు పోవచ్చు. సేద్యగాడు కాపురముండే ఇల్లు, సేద్యం పనిముట్లు, అవసరమైన ఎద్దులు, విత్తనం గింజలు మాత్రం, వాటిని తాకట్టు పెట్టి ఉండకపోతే, డిక్రీ జప్తు కిందికి రావు. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షన్ ఆ రక్షణ ఇచ్చింది. ఇల్లు వేలం వేస్తామని భయపెట్టే వాళ్ళకు అది చెప్పండి.

చివరకు లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. వేలం సొమ్ము పోగా నిలిచిన 3 లక్షలా 84 వేలను 2 లక్షలా 60 వేలకు తెగ్గొట్టినారు. ఈయన అర ఎకరా అమ్మి కట్టినాడు, గొలుసు ఇంటికి వచ్చింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకం పెట్టే ముందు "ఇంతటితో జామీను రద్దు" అనే మాట అందులో రాయించుకోవాలి. మేము రాయించుకున్నాం.

ప్రభుత్వాలను కూడా అడగాల్సింది ఉంది. 2014లో రాష్ట్రంలో వచ్చిన రుణమాఫీ పంట అప్పులకు, సేద్యం కోసం పెట్టిన బంగారం అప్పులకే గాని ట్రాక్టరు అప్పుకు లేదు. సీమ రైతును ముంచింది బోర్లు, ట్రాక్టర్లు, పైపుల అప్పులు. వాటి వెనక సంతకాలు పెట్టినవాళ్ళ గురించి ఏ మేనిఫెస్టోలోనూ ఒక్క పంక్తి లేదు. జామీను పత్రం నకలు తెలుగులో చేతికివ్వాలని, ప్రతి జామీనులో పరిమితి అంకెలో రాయాలని, మొదటి కంతు తప్పిన నెలలోనే జామీనుదారుకు ఉత్తరం పోవాలని జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో మన సంఘం అడగబోతున్నది. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఫారం మారిస్తే చాలు.

కట్టినవానికి హక్కులూ ఉన్నాయి. ఆయన ఇప్పుడు బ్యాంకు స్థానంలో నిలబడి మిత్రుని మీద 2 లక్షలా 60 వేలకూ దావా వేయవచ్చు. లేదా రెండో జామీనుదారును సగం, 1 లక్షా 30 వేలు, అడగవచ్చు. కట్టిన నాటి నుంచి మూడేళ్ళ లోపల కదలాలి. ఆ రెండో ఆయన ఈయన చెల్లెలి మరిది. నోటీసు టైపు చేయించి సంఘం బీరువాలో పెట్టినాం. నాలుగు వారాలైంది, ఆయన ఇంకా వచ్చి సంతకం పెట్టలేదు.