తారుఫ్ వేరు, తారీఫ్ వేరు జనాబ్!

మెహమాన్‌ని పరిచయం చేస్తే తారుఫ్, పొగిడితే తారీఫ్. రెండూ ఒకే అరబ్బీ ధాతువులోంచి పుట్టిన మాటలే గానీ వాటి పనులు వేరు. ముషాయిరాలో నాజిమ్ సాహెబ్ ఒక షాయర్‌ను ‘షహెన్‌షాహె గజల్’ అని పిలిచాడనుకోండి, ఆయన తఖ్త్ ఎక్కడుందని ఎవరూ వెతకరు. అది ముబాలిగా అని వినేవాళ్లకూ తెలుసు, అనేవాడికీ తెలుసు. అదే మాటను కాగితం మీద అచ్చేసి, కింద ఫోన్ నంబరు, దాని కింద ఫీజు రాస్తే మాత్రం అది గవాహీ అవుతుంది. మన కమిటీలు తారీఫ్‌ను తీసుకెళ్లి తారుఫ్ స్థానంలో అచ్చేస్తున్నాయి. నా ఝగ్డా అంతా దీని మీదే.

ఈ మధ్య ఒక ఆడపిల్లల స్కూలు సాలానా జల్సా పుస్తకం ప్రూఫ్ చూడమని నాకు పంపారు. కెరీర్ గైడెన్స్ ఇవ్వడానికి వస్తున్న మెహమాన్ గురించి అందులో ఇలా ఉంది: “డాక్టర్ ఫలానా సాహెబ్. అంతర్జాతీయ ఖ్యాతి గడించిన విద్యావేత్త. గోల్డ్ మెడలిస్ట్. ఆక్స్‌ఫర్డ్‌లో శిక్షణ పొందారు. ఐక్యరాజ్యసమితి గుర్తింపు పొందిన శాంతి రాయబారి. 50 వేల మంది విద్యార్థుల జీవితాలు మార్చారు.” ప్రసంగం అయ్యాక అక్కడే ఆయన కోచింగ్‌లో పేర్లు నమోదు చేసుకుంటారట. ఫీజు 18 వేలు. ఇది చదివే డబ్బు కట్టబోయే అమ్మీలు, అబ్బాలు ఆ హాల్లో కూర్చుంటారు.

ముందు ‘డాక్టర్’ సంగతి చూద్దాం. ఆ మాటకు మూడు దారులున్నాయి. మొదటిది వైద్యం, అది ఇక్కడ లేదు. రెండోది పరిశోధన చేసి తెచ్చుకున్న పీహెచ్‌డీ. మూడోది గౌరవ డాక్టరేట్. పీహెచ్‌డీ అయితే యూనివర్సిటీ, సంవత్సరం, థీసిస్ పేరు, గైడ్ పేరు అని నాలుగు జవాబులుంటాయి. ఏళ్ల తరబడి రాత్రులు మేల్కొని రాసిన థీసిస్ పేరును మనిషి మరిచిపోడు. మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లను ‘శోధ్‌గంగ’ అనే సైట్‌లో పెడుతున్నారు, అక్కడ పేరు కొట్టి చూడొచ్చు. పాత థీసిస్‌లు అన్నీ అందులో ఉండవు. కాబట్టి దొరకలేదని వెంటనే ఝూటా అనేయకూడదు, ఆ నాలుగు జవాబులు అడగాలి.

నేను అడిగాను. జవాబుగా ఒక ఫొటో వచ్చింది. నల్ల గౌను, ఎర్ర టోపీ, హోటల్ హాలు. గౌరవ డాక్టరేట్ అన్నమాట. ఇచ్చిన ‘యూనివర్సిటీ’ పేరు యూజీసీ గుర్తింపు జాబితాలో లేదు. 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీకి, డీమ్డ్ యూనివర్సిటీకి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థకు మాత్రమే ఉంది. దాన్ని అతిక్రమిస్తే జరిమానా వెయ్యి రూపాయల వరకు! ఆ హోటల్ హాలు కిరాయికి కూడా చాలదు, ఇక భయం ఎక్కడిది? యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా విడుదల చేస్తుంది, కానీ అందులో ఉండేవి దొరికినవాళ్ల పేర్లే. అందుకే చూడాల్సింది నకిలీ జాబితాలో ఉందా అని కాదు, గుర్తింపు జాబితాలో ఉందా అని. ఇంకో మాట, అసలైన యూనివర్సిటీ ఇచ్చిన గౌరవ డాక్టరేట్ అయినా దాన్ని పేరు ముందు తగిలించుకోకపోవడమే రివాజు. ‘ఫలానా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది’ అని పేరు తర్వాత ఒక వాక్యం రాసుకుంటే చాలు.

‘ఆక్స్‌ఫర్డ్‌లో’ అన్నచోట ఆ ‘లో’ అనే ఒక్క అక్షరం చూడండి. ఇంట్లో కూర్చుని కొన్ని వారాలు చేసిన ఆన్‌లైన్ కోర్సు అది. కోర్సు చేయడం మంచిదే, షరమ్ పడాల్సిందేమీ లేదు. కోర్సు పేరు, ఎన్ని వారాలు, ఏ సంవత్సరం, ఆన్‌లైన్ అని రాస్తే అది నిజం. ‘ఆక్స్‌ఫర్డ్‌లో శిక్షణ’ అంటే అబ్బాల కళ్ల ముందు వేరే బొమ్మ కనిపిస్తుంది. ప్రతి ముక్కా దాదాపు నిజమే అయినా మొత్తం కలిపితే ఝూట్ అయ్యే వాక్యాలు ఇలాంటివే. ఇవి పచ్చి అబద్ధాల కంటే కష్టం, ఎందుకంటే పట్టుకుంటే ‘నేనేమన్నా తప్పు రాశానా?’ అని ఎదురు అడుగుతారు.

శాంతి రాయబారి బిరుదు ఇచ్చింది ఒక ప్రైవేటు సొసైటీ. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి దగ్గర కొన్ని స్వచ్ఛంద సంస్థలకు సలహా హోదా ఉంటుంది. ఆ హోదా ఉన్నంత మాత్రాన సంస్థ ఐక్యరాజ్యసమితిలో భాగం అయిపోదు, అది పంచే బిరుదులు ఐక్యరాజ్యసమితి బిరుదులూ కావు. యునిసెఫ్ లాంటివి నియమించుకునే గుడ్‌విల్ రాయబారుల పేర్లు వాళ్ల సైట్లలోనే ఉంటాయి.

ఇక 50 వేల జీవితాలు. 200 మంది పట్టే హాలు నిండా జనం వచ్చినా, వచ్చినవాళ్లే మళ్లీ రాకుండా, 250 జల్సాలు జరగాలి. జరిగాయే అనుకుందాం. జీవితం మారిందని ఎవరు లెక్క రాశారు? ఇది నిజమో కాదో తేలే మాట కాదు. తేలని మాటను గవాహీలో నిలబెట్టకూడదు, కొట్టేయాలి. గోల్డ్ మెడల్ సంగతి అంతకంటే త్వరగా తేలింది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఏ సంవత్సరం అని అడిగాను, మూడింటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు.

“అరే భాయ్, మెహమాన్‌ను ఇలా తఫ్తీష్ చేస్తారా? బద్‌తమీజీ కదా!” అన్నారు కమిటీ సదర్ సాహెబ్. మరి అస్మావుర్రిజాల్ ఎవరి వారసత్వం? ఒక రివాయత్ చెప్పిన మనిషి ఎప్పుడు పుట్టాడు, ఏ ఊళ్లో చదివాడు, ఉస్తాద్ అని చెప్పుకుంటున్నవాడిని అసలు కలిసే వీలుందా అని మన ముహద్దిసీన్ తారీఖులు సరిచూశారు. అడగడం బద్‌తమీజీ అని వాళ్లు అనుకోలేదు. ఖాసిమీ, నద్వీ, అజ్‌హరీ అన్న నిస్బత్‌ల వెనక ఈరోజుకీ ఒక సనద్ ఉండాలి. అజ్‌హరీ అనే పేరు చూస్తే, పూర్తి చదువా, కొన్ని వారాల ఇమామ్‌ల శిక్షణా అని అడిగే హక్కు ముక్తదీకి ఉంది. నిజంగా చదివినవాళ్లు చూపిస్తారు, నారాజ్ కారు.

నష్టం ఎవరికి అంటారా? నాకు తెలిసిన ఒక చెల్లెలు ఉర్దూలో పీహెచ్‌డీ చేసింది, థీసిస్ శోధ్‌గంగలో ఉంది. జల్సాల్లో ఆమె కుర్చీ మూడో వరసలో. హోటల్ హాలు డాక్టర్ సాహెబ్‌ది స్టేజీ మీద.

తమాషా ఏమిటంటే, మన మెహమాన్ దగ్గర నిజమైన సరుకు లేకపోలేదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. ఒకే జిల్లాలో 14 ఏళ్లుగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నారు. కాలేజీకి ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ ఒక్క నిమిషంలో అవునన్నారు. ఆడపిల్లలకు కెరీర్ చెప్పడానికి నాకైతే ఈ మనిషే కావాలి. కానీ ఆ 14 ఏళ్లు అసలు తారుఫ్‌లో ఎక్కడా లేవు! శాంతి రాయబారికి చోటు కావాలి కదా మరి.

నేను తిరిగి పంపిన తారుఫ్ మూడు లైన్లు: పేరు, చదువు, కాలేజీలో 14 ఏళ్లు, ఆన్‌లైన్ కోర్సు, దాని సంవత్సరం, కోచింగ్ ఆయన సొంతది, ఫీజు 18 వేలు. ఆ చివరి ముక్కే సదర్ సాహెబ్‌కు గుచ్చుకుంది. “ఇంత చిన్నగా ఉంటే ఆయన ఏమనుకుంటారు?” అన్నారు. మెహమాన్‌కే ఫోన్ కలిపి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కాలేజీ పేరు కూడా వేయండి, పిల్లలు గుర్తుపడతారు” అన్నారు.

పుస్తకంలో ఆ మూడు లైన్లే అచ్చయ్యాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ మాత్రం అప్పటికే ప్రింట్ అయిపోయిందట. ‘డాక్టర్’ దాని మీద అలాగే ఉంది, నిలువెత్తు అక్షరాల్లో.