పటంలో ముదురు రంగు ఎవరిది?

బాలికల వసతి గృహాల కోసం ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నప్పుడు, దానికి జతగా ఒక పటం ఉంటే బాగుంటుందని మేము అనుకున్నాం. పేజీలకొద్దీ అంకెలు చదివే ఓపిక ఏ అధికారికీ ఉండదు. పటాన్ని మాత్రం ఎవరైనా ఒక్క చూపులో అర్థం చేసుకుంటారు. 2011 జనాభా లెక్కల నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల ముస్లిం జనాభాను తీసుకున్నాం. సంఖ్య ఎక్కువున్న జిల్లాకు ముదురు ఆకుపచ్చ, తక్కువున్న జిల్లాకు లేత ఆకుపచ్చ వేశాం. ఇలా పరిపాలనా హద్దుల లోపలి భాగాన్నంతా ఒకే ఛాయతో నింపే పటాన్ని కోరోప్లెత్ పటం అంటారు. ప్రభుత్వ నివేదికల్లోను, ఎన్నికల వేళ పత్రికల్లోను మనకు తరచుగా కనిపించేది ఇదే.

మా పటం చూడముచ్చటగానే వచ్చింది. అయితే దానిని చూసిన ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు ఒకే ప్రశ్న వేశారు. "ఇందులో ముస్లింల లెక్క తీసేసి ఆ జిల్లాల మొత్తం జనాభాతో రంగు వేస్తే, పటం ఎంత మారుతుంది?" వేసి చూశాం. మారిన జిల్లాలు కొన్నే. జనం ఎక్కువున్న జిల్లాలు చాలావరకు రెండింటిలోనూ ముదురుగానే ఉన్నాయి. మా సముదాయం గురించి చెబుతున్నామనుకున్నాం గాని, ఏ జిల్లా పెద్దదో ఏది చిన్నదో మాత్రమే చెప్పామని అప్పుడు తెలిసింది.

రెండు జిల్లాలను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. 2011లో గుంటూరు జిల్లా జనాభా దాదాపు 48.9 లక్షలు. అందులో ముస్లింలు సుమారు అయిదున్నర లక్షలు. కడప జిల్లా జనాభా దాదాపు 28.8 లక్షలు. అక్కడ ముస్లింలు సుమారు నాలుగున్నర లక్షలు. సంఖ్యలతో రంగు వేస్తే గుంటూరు ముదురుగా, కడప దానికంటే లేతగా వస్తాయి. అదే సంఖ్యలను ఆయా జిల్లాల జనాభాతో భాగించి చూస్తే గుంటూరులో ప్రతి నూరుమందిలో ముస్లింలు సుమారు 11 మంది, కడపలో సుమారు 16 మంది. పటం తలకిందులైంది. అంకెలు మారలేదు, లెక్కలో తప్పూ లేదు. మారింది మేము అడిగిన ప్రశ్న ఒక్కటే.

కోరోప్లెత్ పటానికి మరో స్వభావం కూడా ఉంది. అందులో చూపును లాగేది విస్తీర్ణం. హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఉమ్మడి రాష్ట్రంలోని ముస్లింలలో దాదాపు ఐదో వంతు, అంటే సుమారు 17 లక్షల మంది, ఆ చిన్న చుక్కలోనే ఉన్నారు. ఎంత ముదురు రంగు వేసినా ఆ చుక్క కంటికి ఆనదు. అనంతపురం మాత్రం పటంలో నైరుతి మూలనంతా ఆక్రమిస్తుంది. కనుక మనుషుల సంఖ్యను చూపాలంటే జిల్లాకు రంగు నింపడం సరైన పద్ధతి కాదు. జిల్లా మధ్యలో ఒక వృత్తం గీసి, ఆ వృత్తం వైశాల్యాన్ని సంఖ్యకు అనుగుణంగా పెంచాలి. రంగు నిష్పత్తికి, వృత్తం సంఖ్యకు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి.

అయితే నిష్పత్తి అంటే దేనిని దేనితో భాగించాలి? మా ఉద్యమాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి. ఊహకు రెండు జిల్లాలు తీసుకుందాం. మొదటి జిల్లాలో ఉన్నత పాఠశాలల్లో చేరిన ముస్లిం బాలికలు 20,000 మంది. వారిలో పదో తరగతికి చేరకుండానే చదువు మానినవారు 2,000 మంది. రెండో జిల్లాలో చేరినవారు 3,000 మంది, మానినవారు 900 మంది. సంఖ్యల పటంలో మొదటి జిల్లా ముదురుగా కనిపిస్తుంది, అధికారులు అక్కడికే వెళతారు. చేరినవారితో భాగిస్తే మొదటి జిల్లాలో నూటికి పదిమంది, రెండో జిల్లాలో నూటికి ముప్పైమంది మానేశారని తేలుతుంది. రెండో జిల్లాలో ఏదో లోతైన కారణం ఉంది. ఉన్నత పాఠశాల దూరం కావచ్చు, బస్సు లేకపోవడం కావచ్చు, ఇంట్లో కుట్టుపని కావచ్చు. దానిని వెతకమని చెప్పేది నిష్పత్తి మాత్రమే. ఇదే 900ను జిల్లా మొత్తం జనాభాతో భాగించామనుకోండి, ఆ జిల్లాలో ముస్లింలు తక్కువమంది ఉన్నందున సమస్యే లేనట్టు కనిపిస్తుంది. ఆ ఆపద ఎవరికి సంభవించగలదో వారి సంఖ్యే హారంగా ఉండాలి.

సంఖ్యకు విలువ లేదని దీని అర్థం కాదు. వసతి గృహంలో ఎన్ని పడకలు కావాలి, ఎందరు ఉపాధ్యాయులను నియమించాలి అన్నప్పుడు 2,000 అనే అంకే కావాలి, నూటికి పది అనే మాటతో భవనం కట్టలేము. ఎక్కడ అన్యాయం తీవ్రంగా ఉందో నిష్పత్తి చెబుతుంది, ఎంత పని ఉందో సంఖ్య చెబుతుంది. ఈ రెంటినీ ప్రభుత్వ విధానమే ఒకే నిబంధనలో కలిపిన సందర్భం ఉంది. 2008-09లో కేంద్రం మొదలుపెట్టిన బహుళ రంగ అభివృద్ధి కార్యక్రమానికి 2001 జనాభా లెక్కల ఆధారంగా 90 జిల్లాలను ఎంపిక చేశారు. మైనారిటీల వాటా 25 శాతం ఉన్న జిల్లాలను పరిగణించారు. వాటా 20 నుంచి 25 శాతం మధ్య ఉన్నా, సంఖ్య అయిదు లక్షలు దాటితే వాటినీ పరిగణించారు. ఆ కొలబద్దను 2011 అంకెలకు ఆనించి చూడండి. కర్నూలు జిల్లాలో ముస్లింలు ఆరు లక్షలకు పైగా ఉన్నారు, సంఖ్య సరిపోతుంది. కానీ జిల్లా జనాభా 40 లక్షలు దాటినందున ముస్లింల వాటా 17 శాతం లోపే ఆగిపోతుంది. ఆదోని, కర్నూలు వంటి పట్టణాల ముస్లిం వాడల్లో నూటికి ఎందరున్నా, జిల్లా సగటులో వారు కలిసిపోతారు. ఇటువంటి లోపం వల్లనే 2013-14 నుంచి ఆ కార్యక్రమానికి జిల్లాకు బదులు బ్లాకును, పట్టణాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. జిల్లా అంతా ఒకే రంగు పూసిన పటం, ఆ జిల్లా అంతా ఒకేలా ఉందని అబద్ధమాడుతుంది. నిష్పత్తి ఎంత శుద్ధంగా లెక్కించినా ఈ పరిమితి పోదు.

ఇక పని జరిగే తీరు. లెక్కల పట్టికలో మొదటి వరుసలో జిల్లా కోడ్, రెండో దానిలో హారం, మూడో దానిలో లవం ఉంచి, నాలుగో దానిలో ఈ సూత్రం రాస్తే చాలు.

```
=C2/B2*100
```

తరువాత ఈ పట్టికను జిల్లా హద్దుల ఫైలుతో జతపరచాలి. మేము మొదట జిల్లా పేరుతో జతపరిచి దెబ్బతిన్నాం. కడప ఒకచోట కడపగా, మరోచోట వైఎస్సార్‌గా ఉండి జత కుదరక తెల్లగా మిగిలిపోయింది. అది కంటికి కనబడే తప్పు గనుక వెంటనే దిద్దుకున్నాం. కంటికి కనబడనిది అంతకంటే ప్రమాదకరం. 2016 అక్టోబరులో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. రంగారెడ్డి పేరు పాతదే, నేల మాత్రం అది కాదు. 2011 లెక్కల ప్రకారం పాత రంగారెడ్డి జనాభా దాదాపు 53 లక్షలు. నేటి రంగారెడ్డి హద్దుల్లో అదే సంవత్సరం ఉన్నవారు దాదాపు 24.5 లక్షలు. ఈనాటి జిల్లా కార్యాలయం ఇచ్చిన సంఖ్యను పాత జిల్లా జనాభాతో భాగిస్తే, పేర్లు చక్కగా కలుస్తాయి, కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు, నిష్పత్తి మాత్రం సగానికంటే తక్కువకు పడిపోతుంది. దీనిని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పట్టికలోని హారాలన్నీ కూడితే రాష్ట్ర మొత్తం రావాలి. తెలంగాణకు 2011లో అది సుమారు మూడున్నర కోట్లు. అంతకు మించి వచ్చిందంటే ఎక్కడో పాత జిల్లా కొత్త జిల్లా కలగలిసిపోయాయన్నమాట.

రంగుల మెట్లను నిర్ణయించడం చివరి పని. దీనిని యంత్రానికి వదిలేస్తే హైదరాబాద్ ఒక్కటే పటాన్నంతా మింగేస్తుంది. అక్కడ ముస్లింల వాటా సుమారు 43 శాతం, ఆ తరువాతి జిల్లాల్లో 17 శాతం లోపే. సున్నా నుంచి 43 వరకు నాలుగు సమాన భాగాలు చేస్తే పైనున్న మెట్టులో హైదరాబాద్ ఒంటరిగా నిలుస్తుంది, దాని కింది మెట్టు పూర్తిగా ఖాళీ, మిగిలిన 22 జిల్లాలూ అడుగు రెండు మెట్లలో ఇరుకుతాయి. కడపకు గుంటూరుకు తేడాయే కనబడదు. మేము 5, 10, 15 శాతాల దగ్గర మెట్లు వేశాం. రాష్ట్ర సగటు సుమారు 9.6 శాతం గనుక, పది దాటిన జిల్లా సగటుకు పైన ఉన్నదని చూడగానే తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు ఒక శాతానికి లోపే. అక్కడ బడి మానిన పిల్లల వంటి నిష్పత్తులను రంగుతో చూపడానికి మేము సాహసించము. ఒక తరగతిలో 50 మంది ఉంటే ఒక్క అమ్మాయి మానినా నిష్పత్తి రెండు శాతం పెరుగుతుంది. అటువంటి జిల్లాలను బూడిద రంగులో ఉంచి, అసలు సంఖ్యను పక్కన రాయడమే నిజాయితీ.

ఇంత చాదస్తం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మనకు వ్యతిరేకంగా పటాలు గీసేవారు ఈ మెళకువలన్నీ బాగా ఎరిగినవారు. ఫలానా జిల్లాలో మీరు ఇన్ని లక్షలకు పెరిగారంటూ ఎర్రటి పటాన్ని ఊరేగిస్తారు. అదే కాలంలో ఆ జిల్లా మొత్తం జనాభా ఎంత పెరిగిందో ఆ పటంలో ఉండదు. ఆ పటాన్ని చూపినప్పుడు "హారం ఏది?" అని మనం అడగగలగాలి. అలా అడిగే హక్కు మన పటంలో హారం ఉన్నప్పుడే మనకు వస్తుంది. మా మొదటి పటం మాకు అనుకూలంగానే ఉండింది, దానిని ఇస్తే ఎవరూ ప్రశ్నించి ఉండేవారు కాదేమో. అయినా దానిని పక్కన పెట్టి, రెండు పటాలను వినతిపత్రానికి జతచేశాం. ఒకటి ఛాయలతో నిష్పత్తిది, రెండోది వృత్తాలతో సంఖ్యది. వాటి కింద ఒకే వాక్యం రాశాం: హారం 2011 జనాభా లెక్కలు, హద్దులు ఆనాటి 23 జిల్లాలవి. మీ ఊరి సంఘం ఏదైనా పటం అచ్చువేస్తే, ఆ ఒక్క వాక్యం దాని కింద ఉన్నదో లేదో ముందుగా చూడండి.