కట్ చేసినా అర్థం కావాలి

పోయినేడాది మా నారాయణఖేడ్‌లో ఇంటర్ పిల్లలకు ఇంజినీరింగ్ అడ్మిషన్ల గురించి మాట్లాడమని పిలిచారు. 20 నిమిషాలన్నారు. నా హాస్టల్ కథతో మొదలుపెట్టా, నవ్వులే నవ్వులు. అసలు విషయమైన వెబ్ ఆప్షన్ల దగ్గరికొచ్చేసరికి నాలుగు గంటల బస్సు కోసం సగం హాలు లేచిపోయింది. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఆ బస్సు తప్పితే చీకటి పడేదాకా అక్కడే. కథ విన్నారు, కావాల్సింది వినలేదు.

ఈసారి స్పీచ్‌ని కోడ్ మాడ్యూల్స్‌లా విడగొట్టి, ఫోన్ టైమర్ పెట్టుకొని ఒక్కో ముక్కా పైకి చదివా. తప్పక చెప్పాల్సినవి: పరిచయం 2, మీసేవ సర్టిఫికెట్లు 4, వెబ్ ఆప్షన్లు 5, ముగింపు 1. మొత్తం 12 నిమిషాలు. వదిలేసినా పర్లేదనుకున్నవి: హాస్టల్ కథ 3, కోడింగ్ డెమో 3, ఉద్యోగాలు 2. కథను సర్టిఫికెట్ల తర్వాత, మిగతా రెండూ వెబ్ ఆప్షన్ల తర్వాత పెట్టా.

తర్వాత కథ లేకుండా మొత్తం చదివి చూస్తే బగ్ దొరికింది. వెబ్ ఆప్షన్లలో 'మన రూమ్‌మేట్ చేసిన తప్పే' అని రాసుకున్నా. కథ తీసేస్తే ఆ రూమ్‌మేట్ ఎవరో ఎవరికి తెలుసు? ఆ వాక్యం మార్చా. మొదట్లో 'ఐదు విషయాలు చెప్తా' అన్న లైన్ కూడా తీసేశా. లెక్క చెప్తే వదిలేసింది దొరికిపోతుంది.

కార్డు మీద రెండే గుర్తులు రాసుకున్నా. సర్టిఫికెట్లు అయ్యాక వాచీ చూడు. వెబ్ ఆప్షన్లు అయ్యాక మళ్లీ చూడు.

ఆ రోజు శాలువాలు, సన్మానాలు అయ్యేసరికి 3:40. పిల్లలు 3:55కి లేవాలి. మైకు ఓ నిమిషం మొరాయించింది. సర్టిఫికెట్లు అయ్యేసరికి 3:47. కథ చెప్తే ముగింపు 3:56కి పడుతుంది. వదిలేశా. 'టైమ్ లేదు కాబట్టి' అని మాత్రం అనలేదు. అంటే ఏదో పోయిందని పిల్లలు దాని గురించే ఆలోచిస్తారు. స్లైడ్ షోలో వెబ్ ఆప్షన్ల స్లైడ్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్లింది.

3:52కి రెండో చూపు. ముగింపు పోను 2 నిమిషాలున్నాయి. డెమో పట్టదు. ఉద్యోగాల ముక్క పట్టేదే, కానీ ప్రశ్నలు అడగమన్నా. ఓ అమ్మాయి లేచి, "అన్నా, నాకు నచ్చిన ఒక్క కాలేజే పెడితే సరిపోదా?" అంది. "నీ ర్యాంకుకు అది అందకపోతే సీటే రాదమ్మా. నచ్చిన వరుసలో చాలా పెట్టు. అందేవాటిలో లిస్టులో పైనున్నదే వస్తది" అన్నా.

మరి 6 నిమిషాలే ఇచ్చుంటే? అప్పుడు తప్పనిసరివి కూడా పట్టవు. అందుకే సర్టిఫికెట్ల లిస్టు జిరాక్స్ తీయించి సంచిలో పెట్టుకున్నా. అది పంచేసి, వెబ్ ఆప్షన్లు, ముగింపు మాత్రమే చెప్పేవాణ్ణి.

ఈసారి హాస్టల్ కథ ఎవరూ వినలేదు. బస్సు మాత్రం అందరికీ అందింది.