ఆ 48 గంటల సంగతి ఎవరూ ఎత్తరేం?

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఊరేదైనా ఖాళీ పార్సిల్ మోసం బయటపడగానే వినిపించే హితబోధ ఒక్కటే: తెలియని లింకు నొక్కకండి. తప్పంతా కొన్నవాళ్ల మీదికి నెట్టేసే ఈ మాట సగమే నిజం. ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కడితే, రీఫండు అదే ఖాతాకు తిరిగొస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీలో నోట్లు ఇచ్చాం కాబట్టి వాటికి వెనక్కొచ్చే దారి లేదు. అందుకే అసలు కంపెనీలూ ఖాతా వివరాలు అడుగుతాయి, కొన్ని లింకే పంపుతాయి. దొంగ దూరేది సరిగ్గా ఆ సందులోనే. రేపల్లెలో ఒకావిడ 899 రూపాయల చీర తెప్పించుకుందనుకుందాం. డబ్బు చేతిలో పడ్డాకే కొరియర్ కుర్రాడు పెట్టె ఇస్తాడు. విప్పితే పాత గుడ్డ. లేబుల్ మీది నంబరుకు ఫోన్ చేస్తే వాట్సాప్‌లో లింకొస్తుంది. నొక్కితే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో మొత్తం, కింద పిన్ గడి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అక్కర్లేదు. గడి కనబడిందంటే డబ్బు పోతోందనే. మరికొందరు ఏపీకే ఫైలు పంపుతారు, దాన్ని ఎక్కించుకుంటే ఓటీపీలు వాళ్లు చదివేస్తారు.

ఇంతకీ ఆవిడ ఆ నంబరుకే ఎందుకు చేసింది? పిలిస్తే పలికే నంబరు ఇంకోటి లేదు గనక. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీలు ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు బయట పెట్టాలి, ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ 48 గంటలు నిజంగా నడిస్తే దొంగ లింకుకు గిరాకీ ఎక్కడిది? కొన్నవాళ్లే సరుకు మార్చి అబద్ధమాడతారని అమ్మకందార్ల వాదన. అలాంటివాళ్లూ ఉంటారు. అందుకేగా ఖరీదైన ఫోన్లకు పెట్టె విప్పి చూపించాకే ఓటీపీ తీసుకునే పద్ధతి వచ్చింది! చీరకు కుదరదంటే అది టైము ఖర్చు లెక్కే. కొరియర్ వసూలు చేసిన డబ్బు అదే సాయంత్రం అమ్మకందారుకు చేరదు, మామూలుగా కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా ఫిర్యాదొస్తే ఆ 899 ఆపలేరా?

పిన్ తనే కొట్టింది కాబట్టి తప్పు ఆవిడదే అంటారు. రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బును ఆయన నెత్తినే వేస్తుంది, అయితే బ్యాంకుకు చెప్పేదాకానే. ఆ తర్వాత పోయేది బ్యాంకుదే. అందుకే 1930కీ బ్యాంకుకీ వెంటనే చెప్పాలి. చీర డబ్బు సంగతి వేరు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ కింద కొన్నవాళ్లు తమ ఊరికి వర్తించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అయిదు లక్షల దాకా ఫీజు లేదు. కానీ 899 కోసం కోర్టు మెట్లెక్కేదెవరు? ఎక్కరని కంపెనీలకు తెలుసు, అధికారులకూ తెలుసు. జాగ్రత్తలు చెప్పే ప్రతి సదస్సులోనూ మైకు అందుకునే పెద్దలు ముందు ఈ లెక్క చెప్పండి: 48 గంటల్లో జవాబివ్వని ఎన్ని కంపెనీలకు నోటీసులిచ్చారు?